కారం గిర్ని లెక్క: మూడో ఏట లాభం పెరిగినా యంత్రం విలువ ఎందుకు వెనుకబడే ఉంది?

హన్మకొండ బీకాం (సోమవారం, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. డిగ్రీ మొదటి సంవత్సరం అకౌంట్స్ పరీక్ష వచ్చే వారం ఉంది. కళాశాలలో అభ్యాసానికి ఇచ్చిన ఒక లెక్క దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను.

లెక్క ఇది. ఏనుమాముల మార్కెట్ దగ్గర కారం గిర్ని నడిపే వ్యాపారి 2021 ఏప్రిల్ 1న 3,00,000 రూపాయలకు కారం పట్టే యంత్రం కొన్నాడు. దాన్ని తెప్పించి బిగించడానికి మరో 20,000 అయింది. యంత్రం నాలుగేళ్లు పనిచేస్తుందని, ఆ తరువాత పాత ఇనుము కింద 20,000 వస్తుందని అంచనా. లెక్కలు ఏటా మార్చి 31న ముగుస్తాయి. తరుగుదల తీయక ముందు లాభం ఏటా 2,00,000. స్థిర వాయిదాల పద్ధతిలో ఒకసారి, 50 శాతం రేటుతో తగ్గుతున్న నిల్వల పద్ధతిలో ఒకసారి తరుగుదల కట్టి, లాభం మీదా యంత్రం విలువ మీదా పడే ప్రభావాన్ని రాయమన్నారు.

మొదటి పద్ధతి సులభంగానే వచ్చింది. 3,20,000 నుంచి 20,000 తీసివేసి నాలుగుతో భాగిస్తే ఏటా 75,000. రెండో పద్ధతిలో కూడా అదే 3,00,000 మీద మొదలుపెట్టి 1,50,000, 75,000, 37,500, 18,750 అని కట్టాను. మొత్తం 2,81,250 అయింది. అసలు ఖరీదులో ఇంకా 38,750 మిగిలిపోయింది, కాని యంత్రం చివరికి 20,000 దగ్గర ఆగాలి కదా? ఎక్కడ తప్పానో తెలియడం లేదు.

కాజీపేట కామర్స్ (సోమవారం, రాత్రి 9:32)

చెల్లీ, తప్పు మొదటి అడుగులోనే ఉంది. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో స్క్రాప్ విలువను ముందుగా తీసివేయకూడదు. నేరుగా 3,20,000 మీద 50 శాతం కట్టు. 1,60,000, తరువాత 80,000, 40,000, 20,000 వస్తాయి. అన్నీ కలిపితే 3,00,000, మిగిలేది 20,000.

ఇక ప్రభావం సంగతి సులువే. మొదటి రెండేళ్లు ఈ పద్ధతిలో తరుగుదల ఎక్కువ కాబట్టి లాభమూ తక్కువ, యంత్రం విలువా తక్కువ. మూడో ఏడు నుంచి తరుగుదల తక్కువ కాబట్టి లాభమూ ఎక్కువ, యంత్రం విలువా ఎక్కువ. ఈ రెండు వాక్యాలు రాస్తే మార్కులు వచ్చేస్తాయి. నేను పోయిన ఏడాది ఇలాగే రాశాను.

నర్సంపేట జిరాక్స్ (సోమవారం, రాత్రి 10:05)

నాకు పరీక్ష లేదు గాని ఈ మాటే నన్నూ వేధిస్తున్నది కాబట్టి అడుగుతున్నాను. నాలుగేళ్ల క్రితం ఏప్రిల్‌లో 1,60,000 పెట్టి ఒక జిరాక్స్ యంత్రం కొన్నాను. మా లెక్కలు చూసే ఆయన ఇచ్చిన కాగితంలో దాని విలువ ఇప్పుడు 83,521 అని ఉన్నది. పాతది తీసుకుని కొత్తది ఇచ్చే వ్యాపారి మాత్రం 60,000 మించి ఇవ్వనంటున్నాడు. కాగితంలో అంత స్పష్టంగా రాసి ఉన్నప్పుడు వీడు నన్ను మోసం చేస్తున్నట్టే కదా? ఇంకొక సంగతి. నాలుగేళ్లలో 76,479 తరుగుదల తీశామని ఆయన అంటున్నాడు. ఆ సొమ్ము ఏ ఖాతాలో పడ్డదో నాకైతే కనబడడం లేదు. చెల్లె చెప్పే ఈ రెండు పద్ధతుల్లో ఏది పెట్టుకుంటే చేతిలో ఎక్కువ డబ్బు మిగులుతుందో చెప్తే నేను అదే పెట్టించుకుంటాను.

పరకాల లెక్చరర్ (మంగళవారం, ఉదయం 6:40)

ముందు విద్యార్థిని ప్రశ్నకు. కాజీపేట తమ్ముడు మొదటి భాగంలో చెప్పింది సరైనదే, అయితే ఎందుకన్నది చెప్పలేదు. కారణం తెలియకపోతే పరీక్ష గదిలో ఈ తప్పు మళ్లీ జరుగుతుంది.

స్థిర వాయిదాల పద్ధతిలో అవశేష విలువను, అంటే చివరికి పాత ఇనుము కింద వచ్చే ఆ 20,000ను, మనమే చేత్తో తీసి పక్కన పెడతాం, ఎందుకంటే ఆ పద్ధతికి ఎక్కడ ఆగాలో దానంతట అదే తెలియదు. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో ఆ పని రేటే చేస్తుంది. మీ లెక్కలో 50 శాతం ఊరికే రాలేదు. 20,000ను 3,20,000తో భాగిస్తే పదహారో వంతు వస్తుంది. పదహారో వంతుకు నాలుగో మూలం సగం. అంటే ప్రతి సంవత్సరం సగం నిలుపుకుంటూ పోతే నాలుగేళ్లకు సరిగ్గా పదహారో వంతు మిగులుతుంది. రేటు కట్టే సూత్రం ఇది:

```
రేటు = 1 - (20,000 / 3,20,000)^(1/4) = 1 - 1/2 = 50%
```

అవశేష విలువ ఈ సూత్రంలో ముందే దాగి ఉంది. మీరు దాన్ని మళ్లీ ఖరీదులోంచి తీసివేశారు కాబట్టి ఒకే మొత్తాన్ని రెండు సార్లు లెక్కలోకి తెచ్చినట్టయింది. 3,00,000ను నాలుగు సార్లు సగం చేస్తే 18,750 మిగులుతుంది, దానికి మీరు మొదట పక్కన పెట్టిన 20,000 కలిస్తే మీకు వచ్చిన 38,750 అవుతుంది. చివరి నిల్వ ఊహించిన దానికంటే ఎక్కువగా తేలినప్పుడు మొదట అనుమానించవలసింది దీన్నే.

ఒక చిన్న మాట. అవశేష విలువ సున్నా అని ఇచ్చి ఈ సూత్రంతో రేటు కట్టమంటే నూరు శాతం వస్తుంది, అది పనికిరాదు. నిల్వలో ఎంతో కొంత శాతం తీస్తూ పోయే పద్ధతి ఎన్నేళ్లు చేసినా సున్నాకు చేరదు.

లాభం, విలువ ఇలా ఉంటాయి. మొదటి అంకె స్థిర వాయిదాలది, రెండోది తగ్గుతున్న నిల్వలది.

2022 మార్చి 31: లాభం 1,25,000, 40,000. యంత్రం విలువ 2,45,000, 1,60,000.
2023 మార్చి 31: లాభం 1,25,000, 1,20,000. యంత్రం విలువ 1,70,000, 80,000.
2024 మార్చి 31: లాభం 1,25,000, 1,60,000. యంత్రం విలువ 95,000, 40,000.
2025 మార్చి 31: లాభం 1,25,000, 1,80,000. యంత్రం విలువ 20,000, 20,000.

లాభాలను నిలువుగా కూడితే రెండు వైపులా 5,00,000 వస్తుంది. ఇప్పుడు తమ్ముడు రాసిన రెండో పేరాను ఈ అంకెల పక్కన పెట్టి మీరే చదవండి. మూడో ఏట యంత్రం విలువ ఏ పద్ధతిలో ఎక్కువగా ఉంది?

కాజీపేట కామర్స్ (మంగళవారం, ఉదయం 8:15)

సార్, మూడో ఏట 95,000, 40,000 అని మీరు చూపిన అంకెల్లోనే ఉంది, కాదనలేను. కాని నాకు మనసొప్పడం లేదు. ఆ ఏడాది తగ్గుతున్న నిల్వల పద్ధతిలో తరుగుదల 40,000 మాత్రమే, రెండోదానిలో 75,000. తక్కువ తరుగుదల తీస్తే ఆస్తి ఎక్కువ మిగలాలి కదా? పోయిన ఏడాది నా జవాబుకు ఎనిమిదికి ఆరు వేశారు, ఆ రెండు మార్కులు దీనికే పోయాయా?

పరకాల లెక్చరర్ (మంగళవారం, ఉదయం 9:02)

ఆ రెండు మార్కులు దేనికి పోయాయో నేను చెప్పలేను గాని, ఈ వాక్యం నా ముందుకు వస్తే నేను మాత్రం కోస్తాను.

లాభం ఒక్క సంవత్సరానిది. యంత్రం విలువ కొన్న రోజు నుంచి ఇప్పటిదాకా పేరుకున్న తరుగుదల వల్ల తేలేది. ఇద్దరు మనుషులు హన్మకొండ చౌరస్తా నుంచి భద్రకాళి గుడికి ఒకే సమయంలో బయలుదేరారనుకోండి. ఒకడు మొదట వేగంగా నడిచి తరువాత మెల్లగా నడుస్తాడు, రెండోవాడిది మొదటి నుంచీ ఒకే నడక. మొదటివాడు వేగం తగ్గించిన క్షణంలో వెనుకబడడు, అప్పటికే చాలా ముందున్నాడు కాబట్టి. ఆ క్షణం నుంచి వాళ్ల మధ్య దూరం తగ్గడం మొదలవుతుంది, అంతే. ఇద్దరూ కలిసేది గుడి దగ్గరే.

మన లెక్కలో రెండు పద్ధతుల విలువల మధ్య తేడా మొదటి ఏడాది చివర 85,000, రెండో ఏడాది చివర 90,000, మూడో ఏడాది చివర 55,000, నాలుగో ఏడాది చివర సున్నా. రెండో ఏట కూడా తేడా 5,000 పెరిగింది, ఎందుకంటే ఆ ఏడాది 80,000 తరుగుదల 75,000 కన్నా ఇంకా ఎక్కువే. మూడో ఏట నడక మందగించి తేడా తగ్గడం మొదలైంది. కాబట్టి సరైన వాక్యం ఇలా ఉండాలి: మూడో సంవత్సరం నుంచి తగ్గుతున్న నిల్వల పద్ధతిలో లాభం ఎక్కువగా కనిపించినప్పటికీ, ఆస్తి అప్పుల పట్టికలో యంత్రం విలువ మాత్రం ఆయుష్షు ముగిసేదాకా స్థిర వాయిదాల పద్ధతి కన్నా తక్కువగానే ఉంటుంది.

హన్మకొండ బీకాం (మంగళవారం, సాయంత్రం 6:20)

సార్, ఇప్పుడు స్పష్టమైంది. నేను కూడా లాభాన్ని, విలువను ఒకే తాడుకు కట్టేసి చూస్తున్నాను. ఇదే లెక్కకు రెండో భాగం ఉంది. వ్యాపారి ఆ యంత్రాన్ని నాలుగేళ్లు ఉంచుకోకుండా 2023 సెప్టెంబరు 30న 1,20,000కు అమ్మేశాడు. అమ్మకం మీద లాభమో నష్టమో రెండు పద్ధతుల్లోనూ కట్టాలి.

నేను 2023 మార్చి 31 నాటి విలువలు తీసుకున్నాను. స్థిర వాయిదాల్లో 1,70,000 విలువైన యంత్రాన్ని 1,20,000కు అమ్మాడు కాబట్టి 50,000 నష్టం. తగ్గుతున్న నిల్వల్లో 80,000 విలువైనదాన్ని 1,20,000కు అమ్మాడు కాబట్టి 40,000 లాభం. ఒకే యంత్రం, ఒకే ధర, ఒకవైపు నష్టం, ఇంకోవైపు లాభం. సరిచూసుకోవడానికి మొత్తం భారం కూడా కట్టాను. మొదటి దానిలో తరుగుదల 1,50,000, నష్టం 50,000, కలిపి 2,00,000. రెండో దానిలో తరుగుదల 2,40,000, అందులోంచి లాభం 40,000 తీస్తే అదీ 2,00,000. ఖరీదు 3,20,000లోంచి అమ్మిన ధర 1,20,000 తీసినా అదే వస్తున్నది. కాబట్టి నా జవాబు సరైనదే అనుకుంటున్నాను.

వరంగల్ ఆర్టికల్స్ (మంగళవారం, రాత్రి 8:47)

నేను ఒక ఆడిటర్ గారి దగ్గర ఆర్టికల్‌షిప్ చేస్తున్నాను. అక్కా, మీరు చూసిన ఆ సరిపోలిక బాగానే ఉంది గాని, మీ లెక్కలో ఉన్న తప్పును అది పట్టుకోలేదు. యంత్రం 2023 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఆరు నెలలు గిర్నిలో తిరిగింది కదా, ఆ ఆరు నెలల తరుగుదల ఎక్కడ?

స్థిర వాయిదాల్లో 75,000లో సగం 37,500 తీస్తే అమ్మిన రోజు విలువ 1,32,500, నష్టం 12,500. తగ్గుతున్న నిల్వల్లో 80,000 మీద 50 శాతం చొప్పున ఆరు నెలలకు 20,000 తీస్తే విలువ 60,000, లాభం 60,000. ఇప్పుడు మళ్లీ కూడి చూడండి. ఒకవైపు 1,87,500కు 12,500 కలిపితే 2,00,000, ఇంకోవైపు 2,60,000లోంచి 60,000 తీస్తే 2,00,000.

ఖరీదులోంచి అమ్మిన ధర తీస్తే వచ్చేది ఎప్పుడూ ఒక్కటే. తరుగుదల తక్కువ తీస్తే ఆ మేరకు నష్టం పెరుగుతుంది, ఎక్కువ తీస్తే తగ్గుతుంది. అందువల్ల మొత్తం సరిపోవడం కూడికలు సరిగ్గా ఉన్నాయని చెబుతుందే తప్ప, తేదీలు సరిగ్గా ఉన్నాయని చెప్పదు. తేదీలను విడిగా చూసుకోవాలి. నేనైతే చిత్తు కాగితం మీద మొదట కొన్న తేదీ, ముగింపు తేదీలు, అమ్మిన తేదీ ఒక గీత మీద గుర్తు పెట్టుకుంటాను. గీత మీద ఏ ముక్క ఖాళీగా ఉన్నా తరుగుదల మరిచిపోయినట్టే.

జిరాక్స్ అన్నకు సమాధానం రాత్రి భోజనం తరువాత రాస్తాను, అది కొంచెం పెద్దది.

హన్మకొండ బీకాం (మంగళవారం, రాత్రి 9:05)

అయ్యో, ఆరు నెలలు పూర్తిగా మరిచిపోయాను. అంకెలు సరిపోయాయని ఎంత ధైర్యంగా ఉన్నానో! తమ్ముడూ, ధన్యవాదాలు.

వరంగల్ ఆర్టికల్స్ (మంగళవారం, రాత్రి 10:30)

జిరాక్స్ అన్నా, మీ కాగితంలోని 83,521 ఎలా వచ్చిందో ముందు చూపిస్తాను. 1,60,000 మీద 15 శాతం తీస్తే 1,36,000. దాని మీద మళ్లీ 15 శాతం తీస్తే 1,15,600. తరువాత 98,260, ఆ తరువాత 83,521. ఆదాయపు పన్ను లెక్కలో సాధారణ యంత్రాలకు వాడే రేటు అది. ఈ నాలుగు మెట్లలో ఎక్కడా ఎవరూ మీ దుకాణానికి వచ్చి యంత్రాన్ని చూడలేదు, బజారులో ధర అడగలేదు. కాబట్టి 83,521 అంటే మీరు పెట్టిన ఖరీదులో ఇంకా ఖర్చు కింద రాయకుండా మిగిలిన భాగం మాత్రమే. వ్యాపారి 60,000 ఇస్తానంటే అది బేరం సంగతి. ఇంకో ఇద్దరిని అడిగి చూడండి గాని, ఈ కాగితం పట్టుకుని పోయి కొట్లాడకండి.

76,479 సొమ్ము ఎక్కడికి పోయిందంటే, అది మీ దగ్గరి నుంచి నాలుగేళ్ల క్రితమే పోయింది, యంత్రం కొన్న రోజున. ఇప్పుడు తరుగుదల రాసినప్పుడు కొత్తగా రూపాయి బయటికి పోదు, లోపలికీ రాదు. ఆ రోజు పెట్టిన ఖర్చును ఏడాదికి ఇంతని పంచుకుంటున్నాం. తరుగుదల తీసిన తరువాత తేలిన లాభం మేరకే మీరు ఇంటికి డబ్బు తీసుకుంటే, ఆ తరుగుదలంత సొమ్ము దుకాణంలో ఏదో ఒక రూపంలో ఉంటుంది. మీరు దాంతో కాగితం రీములు కొని ఉండవచ్చు, అప్పు తీర్చి ఉండవచ్చు. విడిగా బ్యాంకులో వేస్తే తప్ప అది ఒకచోట కనిపించదు.

ఏ పద్ధతి పెడితే డబ్బు మిగులుతుందన్న ప్రశ్నకు, మీరు మీ పుస్తకాల్లో ఏది రాసుకున్నా గల్లాపెట్టెలో తేడా రాదు. పన్నుకు ఏ రేటుతో కట్టాలో చట్టం చెబుతుంది, అందులో మీ ఇష్టం నడవదు.

నర్సంపేట జిరాక్స్ (బుధవారం, ఉదయం 7:20)

తమ్ముడూ, రీముల సంగతి నిజమే, గోదాములో అవే ఉన్నాయి. 60,000కే ఇచ్చేస్తే మరి ఆ 23,521 నష్టం పన్నులో చూపించుకోవచ్చా?

వరంగల్ ఆర్టికల్స్ (బుధవారం, ఉదయం 8:00)

మీ సొంత లెక్క పుస్తకాల్లో యంత్రం ఇదే విలువతో ఉంటే 23,521 నష్టంగానే కనిపిస్తుంది. పన్ను లెక్కలో మాత్రం ఒకే రేటు ఉన్న యంత్రాలన్నీ ఒక గుంపుగా ఉంటాయి, మీ బైండింగ్ యంత్రం, లామినేషన్ యంత్రం కూడా అందులోనే ఉండి ఉంటాయి. ఉదాహరణకు ఆ గుంపు విలువ మొత్తం 1,30,000 అయితే, అమ్మిన 60,000ను దాన్నుంచి తీసివేసి, మిగిలిన 70,000 మీద ఆ ఏడాది 15 శాతం, అంటే 10,500 తరుగుదల తీస్తారు. ఆ ఒక్క యంత్రానికి విడిగా నష్టం అనేది రాయరు, అది మిగిలిన నిల్వలో కలిసిపోయి ముందు ముందు కొంచెం కొంచెంగా తరుగుదల కింద వస్తుంది. అదే ఏడాది కొత్త యంత్రం కొంటే దాని ఖరీదు కూడా ఈ గుంపులోనే కలుస్తుంది. అయితే దాన్ని ఆ ఏడాది 180 రోజులకన్నా తక్కువ వాడితే దాని మీద సగం రేటే ఇస్తారు, కాబట్టి కొనే తేదీని మీ ఆడిటర్‌తో ఒకసారి మాట్లాడుకోండి.

బీకాం అక్కా, ఇది మీ పరీక్షకు కాదు. మీ జవాబులో గుంపు అన్న మాట రాయవద్దు.

మహబూబాబాద్ అక్క (బుధవారం, మధ్యాహ్నం 2:15)

నేను పెళ్లయ్యాక దూరవిద్యలో బీకాం రాస్తున్నాను. నాది లెక్క కాదు, సిద్ధాంత ప్రశ్న. తగ్గుతున్న నిల్వల పద్ధతి ఎందుకు మంచిదంటే, యంత్రం పాతబడే కొద్దీ మరమ్మతులు పెరుగుతాయి, తరుగుదల తగ్గుతుంది, రెండూ కలిపి ఏటా ఒకేలా ఉంటాయి అని నోట్సులో ఉంది. నేను దాన్ని అలాగే రాయవచ్చా?

పరకాల లెక్చరర్ (బుధవారం, సాయంత్రం 5:50)

అమ్మా, రాయవచ్చు, దిద్దేవారు మార్కు వేస్తారు. అయితే ఆ చివరి ముక్క, 'ఏటా ఒకేలా ఉంటాయి' అన్నది, నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. ఈ కారం గిర్ని లెక్కనే తీసుకుందాం. మొదటి ఏడాది తరుగుదల 1,60,000, రెండో ఏడాది 80,000. రెండూ కలిపిన భారం సమానంగా ఉండాలంటే రెండో ఏట మరమ్మతులు ఒక్కసారిగా 80,000 పెరగాలి. మూడు లక్షల యంత్రానికి రెండో ఏటనే అంత మరమ్మతు వస్తే ఆ వ్యాపారి దాన్ని అమ్మినవాడి ఇంటి ముందు కూర్చుంటాడు. రేటు 10, 15 శాతం ఉన్నప్పుడు ఈ వాదన కొంత నిలబడుతుంది, ఎందుకంటే అక్కడ తరుగుదల ఒక్కో ఏడాదికి కొంచెం కొంచెంగానే తగ్గుతుంది. అందుకే నేను మా పిల్లలను 'భారం కొంతవరకు సర్దుబాటు అవుతుంది' అని రాయమంటాను.

ఆ పద్ధతికి నాకు బలంగా కనిపించే కారణం వేరు. మోటారు, గిర్ని రాళ్లు కొత్తగా ఉన్న రోజుల్లో గంటకు పట్టే కారం ఎక్కువ, ఆగిపోయే గంటలు తక్కువ. యంత్రం ఎక్కువ పని ఇచ్చిన ఏడాదికే ఎక్కువ ఖర్చు రాయడం న్యాయం. అదే ఒక గోడౌనుకో, బల్లలు కుర్చీలకో ఈ మాట వర్తించదు. కుర్చీ మొదటి ఏడాది ఇచ్చిన కూర్చునే సుఖమే నాలుగో ఏడాదీ ఇస్తుంది, అక్కడ స్థిర వాయిదాలే సరి. జవాబులో ఆస్తి పేరు పెట్టి కారణం చెబితే బట్టీ పట్టిన జవాబు కాదని దిద్దేవారికి తెలుస్తుంది.

కాజీపేట కామర్స్ (బుధవారం, రాత్రి 9:40)

సార్, నాకు పద్ధతి మార్పు లెక్కల్లో కూడా అనుమానం ఉంది. ఇదే యంత్రానికి రెండేళ్లు స్థిర వాయిదాల్లో కట్టి, 2023 ఏప్రిల్ 1న తగ్గుతున్న నిల్వలకు మారితే ఏం చేయాలి? మా నోట్సులో కొన్న తేదీ నుంచి కొత్త పద్ధతిలో తిరగ కట్టి, తేడాను లాభనష్టాల ఖాతాకు తీసుకుపోవాలని ఉంది. అలా చేస్తే 1,70,000 విలువను 80,000కు దించి, 90,000 అదనంగా ఖర్చు రాయాలి. నిన్న మీరు చెప్పిన రెండో ఏటి చివరి తేడా 90,000 ఇదే కదా?

పరకాల లెక్చరర్ (బుధవారం, రాత్రి 10:10)

సరిగ్గా అదే. ఆ 90,000 ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తుపట్టినందుకు సంతోషం. పరీక్షలో వెనుకటి తేదీ నుంచి మార్చమని అడిగితే ఇలాగే చేయాలి.

వరంగల్ ఆర్టికల్స్ (బుధవారం, రాత్రి 10:45)

సార్, క్షమించాలి, ఇక్కడ ఒప్పుకోలేను. మీరు చెప్పింది పాత అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్-6 కాలం నాటిది. సవరించిన ఏఎస్-10 వచ్చాక, అంటే 2016 ఏప్రిల్ 1న గాని ఆ తరువాత గాని మొదలయ్యే లెక్కల కాలాల నుంచి, తరుగుదల పద్ధతి మారడాన్ని అంచనాలో మార్పుగానే చూస్తారు. వెనుకకు పోయి తిరగ కట్టరు. 1,70,000ను అలాగే ఉంచి, మిగిలిన రెండేళ్లకు కొత్త పద్ధతిలో పంచుతారు. రెండేళ్లలో 20,000కు చేరాలంటే రేటు సుమారు 65.7 శాతం రావాలి. పాత 50 శాతమే వాడితే 85,000, 42,500 తీసిన తరువాత 42,500 మిగిలిపోతుంది. మా ఆఫీసులో ఎవరైనా 90,000 ఒకేసారి రాస్తే మా సార్ కాగితం వెనక్కి విసిరేస్తారు.

పరకాల లెక్చరర్ (గురువారం, ఉదయం 6:30)

ప్రమాణం విషయంలో నీ మాటే సరైనది, కాదనను. నా చిక్కు వేరే ఉంది. వెనుకటి తేదీ నుంచి తిరగ కట్టే లెక్కలు ఇప్పటికీ పిల్లల నోట్సుల్లో ఉన్నాయి, ప్రశ్నల్లోనూ కనిపిస్తాయి. 'ఫలానా తేదీ నుంచి అమలయ్యేట్టు' అని ప్రశ్నలో స్పష్టంగా రాసి ఉంటే పిల్ల ప్రశ్న అడిగినట్టే కట్టాలి. ఏమీ చెప్పకుండా 'పద్ధతి మార్చారు' అని మాత్రమే ఉంటే మాత్రం నాకూ సందిగ్ధమే. నేను దిద్దితే, జవాబు పైన తాను ఏ విధంగా తీసుకున్నదో ఒక వాక్యం రాసిన పిల్లకు రెండు విధాల్లో దేనికైనా పూర్తి మార్కులు వేస్తాను. పక్క గదిలో దిద్దే ఆయన ఏం చేస్తాడో హామీ ఇవ్వలేను.

వరంగల్ ఆర్టికల్స్ (గురువారం, ఉదయం 7:05)

సార్, అలా రెండు విధాలూ ఒప్పుకుంటే ఈ పిల్లలే రేపు మా ఆఫీసుకు వచ్చి 90,000 రాస్తారు. మీతో వాదించను గాని, నా మాట మార్చుకోను.

హన్మకొండ బీకాం (గురువారం, సాయంత్రం 7:15)

మీ ఇద్దరి మాటలు చదివి, పద్ధతి మార్పు వస్తే మొదటి వరుసలోనే నా ఊహను రాయాలని నిర్ణయించుకున్నాను. చివరగా ఒక్క సందేహం. అదే యంత్రాన్ని ఏప్రిల్ 1న కాకుండా 2021 అక్టోబరు 1న కొన్నారనుకుని సరదాగా కట్టి చూశాను. మొదటి మార్చికి ఆరు నెలల తరుగుదల 80,000 తీస్తే విలువ 2,40,000. తరువాతి మార్చి నెలలకు 1,20,000, 60,000, 30,000. చివరి ఆరు నెలలకు 7,500 తీస్తే 2025 సెప్టెంబరు 30న 22,500 తేలింది. నాలుగేళ్లు నిండాయి, రేటూ అదే, మరి 20,000 ఎందుకు రాలేదు? ఈసారి స్క్రాప్ ముందుగా తీయలేదు, తేదీల గీత కూడా గీసుకున్నాను.

పరకాల లెక్చరర్ (గురువారం, రాత్రి 8:40)

ఈసారి మీరు ఎక్కడా తప్పలేదు. నాలుగో మూలం తీసినప్పుడు మనం నాలుగు నిండు సంవత్సరాలను ఊహించుకున్నాం, ఒక్కో ఏడాదికి సగం నిలవాలని. మీరు ఒక సంవత్సరాన్ని రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో నాలుగో వంతు తీశారు. మొదటి ముక్కలో మిగిలేది నాలుగింట మూడు వంతులు, చివరి ముక్కలోనూ అంతే. ఆ రెండిటినీ గుణిస్తే పదహారింట తొమ్మిది వంతులు నిలుస్తాయి, సగం అంటే పదహారింట ఎనిమిది. ఆ పదహారో వంతు ఎక్కువే మూడు సార్లు సగమై చివరికి 2,500గా తేలింది. స్థిర వాయిదాల్లో ఈ గొడవ లేదు, 37,500 రెండు వైపులా పెట్టినా నాలుగేళ్లకు సరిగ్గా 20,000 వస్తుంది.

పరీక్షలో రేటు ఇచ్చి ఏడాది మధ్యలో కొన్నారంటే మీరు చేసినట్టే నెలల చొప్పున తీయండి, చివరి నిల్వ అవశేష విలువతో కలవకపోయినా కంగారుపడి అంకెలు దిద్దవద్దు.

కాజీపేట కామర్స్ (గురువారం, రాత్రి 9:00)

సార్, మరి ఆ 2,500ను చివరి ఏడాది తరుగుదలలో కలిపేసి 20,000కు దించితే తప్పా?

పరకాల లెక్చరర్ (గురువారం, రాత్రి 9:12)

వ్యాపారి తన పుస్తకాల్లో అలా సర్దుకోవచ్చు. పరీక్షలో అయితే వద్దు, ప్రశ్నలో ఇచ్చిన రేటును నువ్వు మార్చినట్టవుతుంది. యంత్రాన్ని ఆ రోజే 20,000కు అమ్మితే 2,500 నష్టంగా దానంతట అదే బయటికి వస్తుంది.